పేరు పెట్టింది నేనే

మాది 1996 టెన్త్ బ్యాచ్. ముప్పై ఏళ్ళయింది కదా, సంక్రాంతికి అందరం కలుద్దామని మావాళ్ళు వాట్సాప్ గ్రూపు పెట్టారు. నెల తిరిగేసరికి అరవై మందికి పైగా చేరారు. ఒకరోజు ఎవడో పాత క్లాసు ఫోటో పెట్టాడు. కింద ఇంకొకడు, "రెండో వరసలో చివర నిలబడింది ఎవర్రా?" అని అడిగాడు. నిమిషంలో జవాబు వచ్చింది: "తుప్పు కదా." దాని వెనకే పది నవ్వు బొమ్మలు.

నేనప్పుడు అనంతపురంలో, టవర్ క్లాక్ దగ్గరున్న మా మోటార్ల షాపులో ఉన్నాను. నిజం చెప్పాలంటే చూడగానే నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఒక రైతుకు మోటారు బిల్లు రాస్తూ ఫోను పక్కన పెట్టేశాను. గంట తర్వాత గ్రూపు ఇన్ఫో తెరిచి చూస్తే ఒక నంబరు గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు కనిపించింది. పేరు లేదు, ఫోటో లేదు, ఉత్త నంబరు. ఆమె అన్నాళ్ళూ గ్రూపులోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ పేరు పెట్టింది నేను.

మా నాన్నకు కర్నూలు నుంచి ట్రాన్స్‌ఫర్ అయితే ఎనిమిదో తరగతిలో అనంతపురం జిల్లాలో ఒక మండలం హైస్కూల్లో చేరాను. ఆమె దగ్గర్లోని పల్లె నుంచి నడిచి వచ్చేది. పై పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, అడ్డంగా గీతలు ఉండేవి. నేను కొత్తగా వచ్చినవాణ్ణి, ఎవరూ సరిగ్గా మాట్లాడేవాళ్ళు కాదు. ఒకరోజు ఆమెను చూసి "పళ్ళకు తుప్పు పట్టింది" అన్నాను. బెంచీ మొత్తం నవ్వింది. ఆ మధ్యాహ్నమే నన్ను కబడ్డీకి పిలిచారు. ఒక్క మాటతో నాకు జట్టు దొరికింది, ఆమెకు పేరు మిగిలింది. ఆ తర్వాత మూడేళ్ళు ఆమె ఓణీ చెంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడటం నేను చూడలేదు. ఆ ఫోటోలో కూడా పెదాలు గట్టిగా బిగించి నిలబడి ఉంటుంది.

రాత్రి ఇంటికొచ్చి ఆమె నంబరుకు మెసేజ్ టైప్ చేశాను. "హాయ్ అమ్మా, చిన్నప్పుడు తెలిసీ తెలియక ఏమైనా అని ఉంటే సారీ, మనసులో పెట్టుకోవద్దు" అని రాసి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పంపబోతూ ఆగాను. మంచి బుద్ధి పుట్టి కాదు. మా ఇంటావిడ పక్కన కూర్చుని చదివి, "ఏమైనా అని ఉంటే అంటున్నారు. అన్నారా, అనలేదా?" అని అడిగింది. "అన్నాను" అన్నాను. "మరి ఉంటే ఏంది?"

అంతవరకు ఆవిడకు ఈ సంగతి చెప్పనేలేదు. ఆ రాత్రి చెప్పాల్సి వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆమె నంబరు ఆమె నాకిచ్చింది కాదు, గ్రూపులోంచి తీసుకున్నది. ఏ గ్రూపు నుంచి విసుగెత్తి వెళ్ళిపోయిందో అందులోంచే నంబరు తీసుకుని, ఆ పేరు పెట్టినవాడే రాత్రి పదకొండింటికి మెసేజ్ పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి. డిలీట్ చేసి, కాగితం తీసుకున్నాను.

మొదటి కాగితం ఆరు పేజీలు వచ్చింది. నాకు నిద్ర పట్టకపోవడం, మా నాన్న ట్రాన్స్‌ఫర్లు, కొత్త స్కూల్లో నా ఒంటరితనం, నాకూ పిల్లలు పుట్టాక మనిషిగా మారడం అన్నీ రాశాను. రాస్తుంటే కళ్ళు తడిశాయి. బాగా రాశాననే అనుకున్నాను. పొద్దున మళ్ళీ చదివితే అందులో ఆమె గురించి ఉన్నది మూడే వాక్యాలు. చదివినవాళ్ళకు ఎవరి మీద జాలి కలగాలో అర్థమైపోతుంది. ఆ జాలి నా కోసం నేను అడుక్కున్నది. చించేశాను.

రెండోసారి రాసినప్పుడు ఒక్క పేజీకి తగ్గింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "స్కూల్లో మీకు ఒక పేరు పడింది." ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మన భాషలో ఇదొక సదుపాయం. పేరు పడుతుంది, మాట వస్తుంది, నోరు జారుతుంది, మనసు నొచ్చుకుంటుంది. అన్నీ వాటంతటవే జరుగుతాయి, చేసినవాడు ఎక్కడా కనబడడు. పెన్నుతో ఆ "పడింది" కొట్టేసి "నేను పెట్టాను" అని రాశాను. ఒక్క మాట మారితే చెయ్యి వణికింది. అప్పటినుంచి కాగితం మొత్తం ఆ కంటితోనే చూశాను. "మీకు బాధ కలిగింది" అన్నది "మిమ్మల్ని బాధపెట్టాను" అయింది. "అందరూ నవ్వారు" అన్నదానికి ముందు "నేను అన్నాను" చేరింది.

నువ్వు అనాలా, మీరు అనాలా అన్నది ఇంకో తిప్పలు. స్కూల్లో నువ్వే. కానీ నువ్వు అంటే పాత చనువు అడిగినట్టు, మా మధ్య అసలు లేని స్నేహాన్ని ఇప్పుడు కల్పించుకున్నట్టు. మా బ్యాచ్‌లో ఒకడు సలహా చెప్పాడు, "చెల్లెమ్మా అని మొదలుపెట్టు మామా, ఆడవాళ్ళు కరిగిపోతారు" అని. అదే వద్దనిపించింది. చెల్లెమ్మ అని వరస కలిపేస్తే ఆమె కోపంగా ఉండటానికి కూడా వీల్లేకుండా పోతుంది, అన్నను క్షమించాల్సిందే కదా మరి. మీరు అనే రాశాను.

వాడే ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "ఇప్పుడు మీరు చాలా బాగున్నారు, మీ నవ్వు బాగుంది అని రెండు ముక్కలు రాయి" అన్నాడు. ఇది మంచిమాటలాగే వినబడుతుంది. కానీ ఆ రోజు ఆమె ముఖానికి మార్కులు వేసింది నేనే, ఇప్పుడు మార్కులు పెంచేదీ నేనే అయితే ఆ కుర్చీ దిగనట్టే. ఉత్తరంలో ఆమె ఇప్పుడెలా ఉంది, అప్పుడెలా ఉంది అన్నది ఒక్క మాట కూడా ఉండకూడదనుకున్నాను.

అన్నిటికంటే కష్టంగా వదులుకున్నది నీళ్ళ సంగతి.

ఆమె పళ్ళు అలా ఉండటానికి కారణం ఫ్లోరైడ్. నేను బోరు మోటార్లు అమ్ముకుని బతికేవాణ్ణి, మా జిల్లాలో గ్రానైట్ రాయి ఎంత లోతు తవ్వితే ఎలా ఉంటుందో రోజూ వినే మాటే. రాయిలోంచి ఫ్లోరైడ్ నీళ్ళలో కలుస్తుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో ప్రమాణం. చిన్నతనంలో, పాలపళ్ళ తర్వాత వచ్చే పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్న వయసులో అంతకు మించిన నీళ్ళు తాగితే పంటి మీది పింగాణీ పొర సరిగ్గా గట్టిపడదు. పళ్ళు బయటికి వచ్చాక రంగు తిరుగుతాయి. మచ్చ పైన అంటుకున్నది కాదు, ఆ పొరలోనే ఉంటుంది. ఎంత తోమినా పోదు. ముందరి పళ్ళకు సంబంధించినంత వరకు ఎనిమిదేళ్ళ లోపే జరగాల్సిందంతా జరిగిపోతుంది. శ్రీ సత్యసాయి తాగునీటి పథకం మా జిల్లాలో మొదలైంది 1995లో, తర్వాత ఏడు వందలకు పైగా ఊళ్ళకు మంచి నీళ్ళు వచ్చాయి. మేమప్పుడు టెన్త్‌లో ఉన్నాం. ఆమె పళ్ళ విషయంలో ఆ కుళాయి ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. నా పళ్ళు తెల్లగా ఉన్నాయంటే నేను బాగా తోముకున్నానని కాదు, కర్నూల్లో తుంగభద్ర నీళ్ళు తాగి పెరిగాను, అంతే.

ఇదంతా రెండో కాగితంలో సగం పేజీ రాశాను. ఆమె తప్పేమీ లేదని చెప్పడం న్యాయం అనిపించింది. మా ఇంటావిడ చదివి పెన్ను పక్కన పెట్టింది. "అయితే ఆమె నిజంగానే పళ్ళు తోముకోకుండా ఉండుంటే మీరన్నది రైటేనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ పళ్ళతో ఇన్నేళ్ళు బతికిన మనిషికి అవి ఎందుకలా అయ్యాయో నేను ఉత్తరం రాసి చెప్పాలా? ఆమెకు ఎప్పుడో తెలిసి ఉంటుంది. నాకూ ఈ సంగతి తెలిసి పదిహేనేళ్ళు పైనే అయింది. ఒక పళ్ళ డాక్టరు గోడ మీది బొమ్మ చూపించి చెప్పాడు. ఆ రోజు ఆమె గుర్తొచ్చింది కూడా. గుర్తొచ్చి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాను. సగం పేజీ కొట్టేశాను.

ఉత్తరం ఒక కొలిక్కి వచ్చేలోగా గ్రూపు సంగతి తేల్చాలి. నేను రహస్యంగా క్షమాపణ రాసుకుంటూ ఉంటే అక్కడ ఆ పేరు అలాగే ఉంటుంది. గ్రూపులో రాశాను: "ఆ పేరు ఎనిమిదో తరగతిలో పెట్టింది నేను. తప్పు నాది. ఇకమీదట ఇక్కడ ఎవరూ ఆ పేరు రాయొద్దు. ఆ మెసేజ్ తీసేయండి." ఆమె పేరు ఎత్తలేదు. కాసేపటికి ఆ మెసేజ్ పెట్టినవాడు ఫోన్ చేశాడు. "ఎప్పుడో మానిన పుండును ఎందుకు గీకుతావురా? చిన్నప్పుడు అందరికీ పేర్లుండేవి, నన్ను బర్రె అనేవాళ్ళు, నేను ఏడ్చినానా?" అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. కానీ వాణ్ణి బర్రె అన్నవాళ్ళనే వాడు కోతి అనేవాడు, మైదానంలో ఇద్దరూ తన్నుకునేవాళ్ళు. ఆమె ఎవరినీ ఏమీ అన్నట్టు నాకు గుర్తు లేదు. మొత్తానికి మెసేజ్ తీసేశాడు. గ్రూపులో కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు, ఎక్కువమంది ఏమీ అనలేదు, సాయంత్రానికి బిర్యానీ ఎన్ని కేజీలు చెప్పాలన్న చర్చ మొదలైంది.

తర్వాత, ఆమెతో ఇప్పటికీ మాట్లాడే మా క్లాసు ఆవిడ ఒకామె ఉంటే ఆమెకు ఫోన్ చేశాను. "ఏమప్పా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అంది. ఒకటే అడిగాను: నేను ఉత్తరం రాస్తే ఆమె తీసుకుంటుందా? వద్దంటే రాసింది చించేస్తాను, ఇంకోసారి అడగను. పోస్టులో వేయడం నాకిష్టం లేదు. ఇంటికి కవరు వస్తే ఎవరు విప్పుతారో తెలియదు. "ఎవరీ మగమనిషి, ఏంది ఈ పేరు సంగతి" అని అత్తగారింట్లో ఆమె జవాబు చెప్పుకోవాల్సి వస్తే నా క్షమాపణ ఆమె నెత్తిన ఇంకో బరువవుతుంది.

తొమ్మిది రోజులకు కబురొచ్చింది. "రాసియ్యమను. ఫోన్ మాత్రం చెయ్యొద్దను."

చివరికి ఇచ్చిన ఉత్తరం ఇది. ఆమెను గుర్తుపట్టేలా ఉన్న ఒకట్రెండు మాటలు మాత్రం ఇక్కడ తీసేశాను.

"నమస్తే.

ఎనిమిదో తరగతిలో మీ పళ్ళ మీద ఒక పేరు పెట్టింది నేను. ఇంకెవరో కాదు. ఆ పేరు ఇక్కడ మళ్ళీ రాయను. మూడేళ్ళు ఆ పేరుతో పిలిచాను, పక్కవాళ్ళతో పిలిపించాను.

తొమ్మిదిలో ఒకరోజు తెలుగు అయ్యవారు మిమ్మల్ని పద్యం చదవమన్నారు. మీరు లేచి మొదటి పాదం చదివారు. నేను వెనక నుంచి ఆ పేరు అన్నాను. క్లాసంతా నవ్వింది. మీరు పద్యం ఆపేసి కూర్చున్నారు.

అది మిమ్మల్ని బాధపెడుతుందని నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను. నలుగురు నవ్వితే నాకు బాగుండేది, అందుకే అన్నాను.

మొన్న గ్రూపులో ఆ పేరు మళ్ళీ వచ్చింది. రాసింది నేను కాకపోయినా అక్కడిదాకా వచ్చింది నా వల్లే. చూసి కూడా గంటసేపు ఊరికే ఉన్నాను. అదీ నా తప్పే. మీరు వెళ్ళాక, పెట్టింది నేనేనని గ్రూపులో రాసి ఆ మెసేజ్ తీయించాను. మీ పేరు ఎత్తలేదు.

నేను చేసింది తప్పు. మీకు క్షమాపణ చెప్తున్నాను.

దీనికి మీరు జవాబు ఇవ్వనక్కర్లేదు. నేను ఫోన్ చేయను, ఇంటికి రాను, ఏమన్నారని ఎవరినీ అడగను. సంక్రాంతికి మీరు రావాలనుకుంటే, నేను ఉండకూడదనుకుంటే, ఈ కవరు ఇచ్చినావిడతో ఒక మాట చెప్పండి చాలు, నేను రాను."

"నన్ను క్షమించండి" అని రాయలేదు. అలా రాస్తే ఆమెకు ఒక పని అప్పజెప్పినట్టే. క్షమాపణ చెప్పడం వరకే నా పని. పద్యం రోజు అయ్యవారు కూడా నవ్వు ఆపుకోవడం నాకు గుర్తుంది, అది కూడా రాయలేదు. రాస్తే నా వాటాలో కొంచెం ఆయనకు పంచినట్టవుతుంది. సంక్రాంతి మాట చివర్లో చేర్చాను, నిజంగానే మానుకోగలనా అని నన్ను నేను రెండు రోజులు అడుక్కున్నాక.

కవరు అంటించి ఆవిడకు ఇచ్చాను. ఎవరినీ అడగనని రాశాను కాబట్టి అడగలేదు. ఈ అడగకపోవడమే అన్నిటికంటే టెన్షన్. షాపులో ఫోన్ మోగితే చెయ్యి తడబడేది. మూడు వారాలయ్యాక ఆవిడే చేసింది.

"చదివిందప్పా. ఒక మాట చెప్పమనింది. ఆ పద్యం సంగతి ఆమెకు గుర్తే లేదంట. ఇటుక పొడి సంగతి ఎందుకు రాయలేదని అడగమనింది."

ఇటుక పొడి ఏమిటో నాకు తెలియలేదు. ఆవిడే చెప్పింది. తొమ్మిదిలోనే, స్కూల్లో కొత్త గది కడుతున్నప్పుడు, నేను ఇటుక ముక్క నూరి నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి, పైన పళ్ళపొడి అని రాసి ఆమె బెంచీ మీద పెట్టానట. నవ్వులాటకు పెట్టాను కదా. ఆమె ఆ పొట్లం ఇంటికి తీసుకుపోయింది. పోతాయేమోనని వారం పైనే దాంతో తోమింది. చిగుళ్ళు చీలి రక్తం వచ్చి, అన్నం తినలేక మజ్జిగ తాగి స్కూలుకు వచ్చింది. వాళ్ళమ్మ చూసి పొట్లం దిబ్బలో పారేసిందట.

నాకు గుర్తు లేదు. గది కట్టడం గుర్తుంది, ఇటుకల కుప్ప గుర్తుంది, పొట్లం గుర్తు లేదు. నేను ఇన్నాళ్ళూ మోసుకొచ్చి పెద్ద నేరంగా రాసుకున్నది ఆమె మరిచిపోయింది. ఆమె మోసింది నాకు లెక్కలోనే లేదు.

"జవాబు రాసియ్యమంటుందా?" అని అడిగాను. రెండు రోజులాగి, "ఇస్తే ఇయ్యమనింది" అని చెప్పింది.

ఈసారి ఎంత ఆలోచించినా రెండే దారులు కనిపించాయి. గుర్తొచ్చింది అంటే అబద్ధం. గుర్తు లేదు అని వదిలేస్తే, జరిగిందో లేదో అన్నట్టు ఉంటుంది, మళ్ళీ అదే "ఏమైనా అని ఉంటే". ఆ సాయంత్రం మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర ఒక ఇటుక పెంకు తెచ్చాను. నాపరాయి మీద నూరి, వేలితో అద్దుకుని ముందరి పళ్ళ మీద రుద్దాను. కరకరమని చెవుల్లోకి వినబడింది. నాలుగుసార్లు పుక్కిలించినా ఇసుక నాలుక కింద తగులుతూనే ఉంది. ఆమెకు రాసిన దాంట్లో ఇది చెప్పలేదు, చెప్పడానికి ఇదేమీ ఘనకార్యం కాదు.

నాలుగు ముక్కలు రాశాను. "ఇటుక పొడి సంగతి నాకు గుర్తు లేదు. మీరు చెప్పారు కాబట్టి అది జరిగింది, చేసింది నేనే. అది మీరు ఇంటికి తీసుకెళ్ళి వాడతారని నేను అనుకుని ఉండను, కానీ మీరు నమ్మి వాడారు. దానికి కూడా మీకు క్షమాపణ చెప్తున్నాను." మూడో వాక్యం సాకులా ఉందని మా ఇంటావిడ అంది. నిజమే. "అనుకుని ఉండను" దాకా కొట్టేసి, "మీరు దాన్ని నమ్మి వాడారు" అన్నంతే ఉంచి మళ్ళీ శుభ్రంగా రాశాను.

సంక్రాంతి సమ్మేళనానికి ఆమె రాలేదు. నన్ను రావొద్దని కూడా చెప్పలేదు. నేను వెళ్ళి భోజనాల దాకా ఉండి వచ్చేశాను. రెండో కవరు అంతకు వారం ముందే చేరింది. ఇచ్చినావిడను ఏమందని అడగలేదు, ఆవిడే బిర్యానీ వరసలో నిలబడి చెప్పింది.

"తీసుకుని బీరువాలో పెట్టింది. నా ముందర విప్పలేదు. కాఫీ ఇచ్చింది, వాళ్ళ పాప ఇంజనీరింగ్ సీటు సంగతి మాట్లాడింది. అంతేనప్పా."